మక్కల మద్దతు ధర: కొనేది ఎన్ని టన్నులు?

వానాకాలం విత్తనాలు పడే రోజుల్లో కేంద్ర ప్రభుత్వం మద్దతు ధరల జాబితా విడుదల చేస్తుంది. 2025-26 జాబితాలో మొక్కజొన్నకు క్వింటాలుకు 2,400 రూపాయలని రాసి ఉంది. అంతకు ముందు ఏడాది 2,225. ఒక పంటకు ఒక అంకె, అంతే. ఆ ధరకు ఎంత పంట వస్తుంది, అందులో ఎంత మార్కెట్లో అమ్ముడవుతుంది, మిగిలింది ఎవరు కొంటారు, కొన్నది ఎక్కడ పెడతారు, అన్నీ కలిపి ఎన్ని కోట్లవుతాయి అన్నవి ఆ జాబితాలో ఉండవు. ఖజానాకు అసలు బరువు వాటి దగ్గరే ఉంది.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. మద్దతు ధర అంటే అంతకు తక్కువకు కొన్న వ్యాపారిని జైలుకు పంపే చట్టం కాదు. ‘బయట మీకు ఈ ధర రాకపోతే మా దగ్గరికి తీసుకురండి, మేం కొంటాం’ అని ప్రభుత్వం ఇచ్చే మాట. ఆ మాట నిలబడితే వ్యాపారి కూడా దిగిరాక తప్పదు. ప్రభుత్వ కాంటా దగ్గర 2,400 పలుకుతుంటే రైతు పక్క దుకాణంలో 2,000కి ఎందుకు ఇస్తాడు? అంటే ధరను నిలబెట్టేది ప్రకటన కాదు, కొనుగోలు. ఎంత కొంటే నిలబడుతుందన్నదే ఇక్కడ మనం వేసుకోబోయే లెక్క.

దీనికి వరి కంటే మొక్కజొన్నే మంచి ఉదాహరణ. వరిలో ప్రభుత్వం కొన్న ధాన్యం బియ్యమై రేషన్ దుకాణాలకు వెళ్లిపోతుంది కాబట్టి మిగులు ఎక్కడుందో చటుక్కున కనబడదు. మక్కలకు మన దగ్గర అలాంటి దారి లేదు. వాటిని కొనేది కోళ్ల దాణా తయారీదారులు, స్టార్చ్ మిల్లులు, ఈ మధ్య ఇథనాల్ ఫ్యాక్టరీలు. ఎవరికీ మొహమాటం లేదు, ధర పెరిగితే తగ్గించుకుంటారు. కోళ్ల ఫారం యజమాని మక్కలు ప్రియమైతే నూకలు, జొన్నలు, సజ్జలు కలిపి దాణా పట్టించుకుంటాడు. రైతు కూడా అంతే. నిజామాబాద్ నుంచి ఖమ్మం దాకా, అటు గుంటూరు, కృష్ణా డెల్టాలో వరి కోసిన మళ్లలోనూ, మక్క వేయాలా మరొకటి వేయాలా అన్నది ధర చూసే తేల్చుకుంటాడు.

ఇప్పుడు లెక్కకు వద్దాం. కింద చెప్పే సంఖ్యలు లెక్క తేలికగా అర్థం కావడానికి నేను పెట్టుకున్నవి, ఏ రాష్ట్రపు గణాంకాలూ కావు. 2,400 మాత్రం నిజమైన మద్దతు ధర.

ప్రభుత్వం జోక్యం చేసుకోని ఒక మార్కెట్లో క్వింటాలు 2,000 దగ్గర బేరం తెగిందనుకుందాం. అప్పుడు రైతులు తెచ్చింది 24 లక్షల టన్నులు, కొనుగోలుదారులు తీసుకున్నదీ 24 లక్షల టన్నులే. ఇది ఒక బిందువు. గీత గీయాలంటే రెండో బిందువు కావాలి. ధర 1,800 ఉన్నప్పుడు కొనుగోలుదారులు 26 లక్షల టన్నులు కొన్నారని, అదే ధరకు రైతులు 22 లక్షల టన్నులే పండించారని పాత లెక్కల్లో దొరికిందనుకోండి. అంటే 200 రూపాయల తేడాకు కొనుగోలు 2 లక్షల టన్నులు ఒక వైపు కదిలింది, పంట 2 లక్షల టన్నులు రెండో వైపు కదిలింది. ఇంకా సూక్ష్మంగా చెప్పాలంటే, ధర వంద పెరిగితే కొనేది లక్ష టన్నులు తగ్గుతుంది, పండేది లక్ష టన్నులు పెరుగుతుంది. రెండింటినీ రెండు వాక్యాల్లో రాసేయవచ్చు.

కొనుగోలు = 44 − (ధర ÷ 100)
పంట = 4 + (ధర ÷ 100)

జవాబు లక్షల టన్నుల్లో వస్తుంది. 2,000 వేసి చూస్తే రెండు చోట్లా 24 వస్తుంది. ఇలా తిన్నగా సాగే గీతలనే అర్థశాస్త్రంలో సరళరేఖా డిమాండు, సరఫరా అంటారు. నిజం గీతలు కాస్త వంకరగానే ఉంటాయి. కానీ పాత ధరకు మరీ దూరం పోనంతవరకు ఈ తిన్నని గీతలు పనికొస్తాయి.

ఇక ధరను 2,400కి ఎత్తుదాం. కొనుగోలు 44 లోంచి 24 పోగా 20 లక్షల టన్నులు. పంట 4కు 24 కలిపితే 28 లక్షల టన్నులు. తేడా 8 లక్షల టన్నులు. ఇదే మిగులు. ధర 2,400 దగ్గర నిలవాలంటే ఇదంతా ప్రభుత్వమే కొనాలి. 8 లక్షల టన్నులంటే 80 లక్షల క్వింటాళ్లు. ఒక్కో క్వింటాలు 2,400 చొప్పున 1,920 కోట్ల రూపాయలు.

మామూలుగా టీవీ చర్చల్లో ఈ లెక్క మరోలా వేస్తారు. ‘మార్కెట్ ధర 2,000, మద్దతు ధర 2,400, తేడా 400. పంట 24 లక్షల టన్నులు. 400తో గుణిస్తే 960 కోట్లు, ప్రభుత్వానికి ఇది ఒక లెక్కా?’ అంటారు. వచ్చిన జవాబు అసలు ఖర్చులో సగం. ఇందులో రెండు పొరపాట్లు కలిసి ఉన్నాయి. ప్రభుత్వం తేడా మాత్రమే ఇవ్వడం లేదు, కొన్న ప్రతి క్వింటాలుకూ పూర్తి ధర కడుతోంది. ఇక రెండోది, ధర పెంచాక కూడా పంట 24 దగ్గరే ఉంటుందని, కొనేవాళ్లు అంతే కొంటారని అనుకోవడం. మిగులు 8 లక్షల టన్నుల్లో సగం కొత్తగా పండిన మక్కలు, మిగతా సగం ఇంతకు ముందు కోళ్ల ఫారాలకూ మిల్లులకూ పోయేవి, ఇప్పుడు వాళ్లు వద్దన్నవి. ఈ రెండో సగం సంగతి ఎవరికీ గుర్తుండదు.

మరి ఆ 1,920 కోట్లూ రైతు జేబులోకి వెళ్లాయా? రైతులందరి రాబడి చూస్తే వెళ్లినట్టే ఉంటుంది. అంతకుముందు 24 లక్షల టన్నులకు 2,000 చొప్పున 4,800 కోట్లు వచ్చేది. ఇప్పుడు 28 లక్షల టన్నులకు 2,400 చొప్పున 6,720 కోట్లు. పెరిగింది సరిగ్గా 1,920 కోట్లు. కానీ అదనపు 4 లక్షల టన్నులు ఊరికే పండలేదు. దున్నకం, విత్తనం, యూరియా, నూర్పిడి మిషను కిరాయి, అన్నింటికీ మించి మరో పంట వేసి ఉంటే వచ్చే ఆదాయం. సరఫరా గీతే ఈ ఖర్చును చెబుతుంది. 24వ లక్ష టన్ను దగ్గర క్వింటాలుకు 2,000, 28వ లక్ష టన్ను దగ్గర 2,400, సగటున 2,200. నలభై లక్షల క్వింటాళ్లకు 880 కోట్లు. అది తీసేస్తే రైతులకు నికరంగా మిగిలింది 1,040 కోట్లు. ఖజానా నుంచి వెళ్లిన ప్రతి వంద రూపాయల్లో రైతుకు దక్కింది 54. మిగతాది అవసరం లేని మక్కలు పండించడానికి అయిన ఖర్చు. ఆ మక్కలు ఇప్పుడు గోదాములో ఉన్నాయి.

ధరను ఇంకొంచెం పెంచాలన్న డిమాండు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి మెట్టుమెట్టుగా చూడటం మంచిది. ధర 2,200 పెడితే మిగులు 4 లక్షల టన్నులు, బిల్లు 880 కోట్లు. 2,400 పెడితే 1,920 కోట్లు. 2,600 పెడితే మిగులు 12 లక్షల టన్నులకు చేరి బిల్లు 3,120 కోట్లవుతుంది. పెంచింది ప్రతిసారీ అదే 200. కానీ మొదటి మెట్టు 880 కోట్లు, రెండోది 1,040, మూడోది 1,200. ఎందుకంటే ధర ఒక పక్క, మిగులు ఒక పక్క రెండూ పెరుగుతున్నాయి, బిల్లు ఆ రెండింటి లబ్ధం. అసెంబ్లీలో ‘పోయినసారి 200 పెంచాం, ఈసారీ 200 పెంచుదాం’ అన్నప్పుడు ఆర్థిక శాఖ కార్యదర్శి ముఖం ఎందుకు మాడుతుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఇక్కడ కాలం సంగతి కూడా ఉంది. విత్తనాలు పడ్డాక ధర పెంచారనుకోండి. ఆ సీజనుకు పంట 24 లక్షల టన్నుల దగ్గరే ఉంటుంది, పొలం వెనక్కి పోదు. కొనుగోలుదారులు మాత్రం వెంటనే 20కి తగ్గుతారు. కాబట్టి మొదటి ఏడాది మిగులు 4 లక్షల టన్నులే, బిల్లు 960 కోట్లే. పథకం చవకగా నడిచిందని అధికారులు సంతోషిస్తారు. మరుసటి ఏడాది రైతులు ఆ ధర నమ్మి విత్తుతారు, మిగులు రెట్టింపవుతుంది. మొదటి ఏడాది అనుభవంతో రెండో ఏడాది బడ్జెట్ వేసిన చోట ఇలాగే లెక్క తప్పుతుంది.

వానలు బాగా కురిసినా అంతే. ఏ ధరకైనా 4 లక్షల టన్నులు ఎక్కువ పండేంత మంచి కాలం వచ్చిందనుకుంటే పంట గీతలోని 4 కాస్తా 8 అవుతుంది. ధర 2,400 దగ్గరే ఉంచినా పంట 32 లక్షల టన్నులు, కొనేది 20, మిగులు 12. బిల్లు 2,880 కోట్లు. ప్రభుత్వం ఒక్క రూపాయి పెంచకుండానే ఖర్చు సగం మేర పెరిగింది. ఊళ్లో అందరూ ‘ఈ ఏడు కాలం కలిసొచ్చింది’ అనుకునే సమయంలోనే కొనే సంస్థకు ఊపిరాడదు.

సరే, కొన్నాం. 8 లక్షల టన్నులు యాభై కిలోల సంచుల్లో పెడితే కోటీ అరవై లక్షల సంచులు. ఐదు వేల టన్నుల గోదాములు 160 కావాలి. కొనుగోలు కేంద్రం దగ్గర ఒక్కసారి నిలబడి చూసినవాళ్లకు ఇది ఎలాంటి పనో తెలుస్తుంది. రోడ్డు వారగా టార్పాలిన్ల మీద పచ్చగా పరిచిన మక్కల రాశులు. గుప్పెడు గింజలు తీసి మాయిశ్చర్ మీటరులో పోస్తారు. తేమ 14 శాతం దాటితే ‘ఇంకా రెండు రోజులు ఆరబెట్టు’ అంటారు. కాంటా కోసం వరుస, హమాలీల కోసం ఎదురుచూపు, గన్నీ సంచులు రాలేదని, లారీ రాలేదని ఆపేయడం. మబ్బు పట్టిందంటే అందరి చూపూ పైకే. తడి మీద సంచుల్లో నింపిన మక్కకు బూజు పడుతుంది. ఆ బూజుతో వచ్చే అఫ్లాటాక్సిన్ అనే విషం దాణాలో కలిస్తే కోళ్లు దెబ్బతింటాయి, కాబట్టి దాణా తయారీదారు అలాంటి సరుకు ముట్టుకోడు. ఆరిన మక్కకైనా ముక్కుపురుగు తప్పదు. అందుకే గోదాములో తరచూ పొగబెట్టించాలి. గింజకు చిల్లులు, అడుగున పిండి కనబడ్డాయంటే ఆ నిల్వ ధర రోజురోజుకూ పడిపోతున్నట్టే.

దీనికీ ఒక లెక్క ఉంది. 1,920 కోట్లను కొనే సంస్థ అప్పు తెచ్చి కడుతుంది. ఎనిమిది శాతం వడ్డీ వేసుకుంటే ఏడాదికి దాదాపు 154 కోట్లు. హమాలీ, సంచులు, లారీ కిరాయి, గోదాము అద్దె, మందులు అన్నీ కలిపి క్వింటాలుకు 200 అనుకుంటే 160 కోట్లు. ఏడాది తిరిగేసరికి ఆ నిల్వ మీద పెట్టిన మొత్తం 2,234 కోట్లు. అంటే 2,400కి కొన్న క్వింటాలు 2,790 దాటింది, గింజ మాత్రం కొన్ననాటి కంటే నాసిరకం. దాన్ని దూరపు రాష్ట్రాలకో విదేశాలకో 1,800 చొప్పున అమ్మగలిగితే 1,440 కోట్లు తిరిగి వస్తాయి, నికర నష్టం 794 కోట్లు. ఖజానాకు తగిలే అసలు దెబ్బ ఇదే. కొనుగోలు బిల్లంతా నష్టం కాదు, కానీ నష్టమెంతో చెప్పేది అమ్మకం జరిగిన రోజే.

దూరంగా అమ్మలేక ఇక్కడే, ఇదే సీజనులో అమ్మితే? అప్పుడు కథ అడ్డం తిరుగుతుంది. పండిన 28 లక్షల టన్నులూ ఇక్కడి కొనుగోలుదారులే తీసుకోవాలంటే ధర ఎంతకు దిగాలో గీతను అడగండి. 44 లోంచి ఎంత తీసేస్తే 28? పదహారు. అంటే 1,600. ప్రభుత్వం 1,600కి అమ్ముతుంటే రైతు దగ్గర 2,400 పెట్టి కొనే వ్యాపారి ఉండడు. ప్రైవేటు కొనుగోలు ఆగిపోయి 28 లక్షల టన్నులూ కేంద్రాలకే వస్తాయి. ప్రభుత్వం 6,720 కోట్లు పెట్టి కొని 4,480 కోట్లకు అమ్ముకోవాలి. నష్టం 2,240 కోట్లు. ఎడమ చేత్తో ఎత్తిన ధరను కుడి చేత్తో దించినట్టవుతుంది.

తెలంగాణలో ఈ ఇబ్బంది కళ్లముందే జరిగింది. రాష్ట్రంలో మక్కలు కొనేది మార్క్‌ఫెడ్. 2020 వేసవిలో 1,760 మద్దతు ధరకు కొన్న నిల్వలు చేతిలో ఉండగానే, వానాకాలంలో మక్క వేయొద్దని ప్రభుత్వం రైతులకు చెప్పింది. నియంత్రిత సాగు అన్న పేరుతో నాడు నడిచిన విధానంలో అది ఒక భాగం. మన లెక్కలో చెప్పాలంటే సరఫరా గీతను చేత్తో ఎడమకు నెట్టే ప్రయత్నం. అయినా వేసినవాళ్లు వేశారు. పంట చేతికొచ్చాక మొదట కొనలేమన్నా, రైతుల ఆందోళనల తర్వాత అక్టోబరులో 1,850 చొప్పున కొనడానికి ఒప్పుకున్నారు. ఆ ఏడాది డిసెంబరులో, రాష్ట్రం ఏర్పడ్డప్పటి నుంచి వడ్లు, మక్కలు, జొన్నలు, కందులు వంటివి కొని అమ్మడంలో 7,500 కోట్ల దాకా నష్టం వచ్చిందని ప్రభుత్వమే ప్రకటించింది. కేంద్రం ధర ప్రకటిస్తుంది గానీ వడ్లు, గోధుమలకు ఎఫ్‌సీఐ ఉన్నట్టు మక్కలకు ఆ స్థాయిలో కొనే యంత్రాంగం లేదు. బరువు రాష్ట్రం మీద పడుతుంది.

ఇంత నిల్వ తలనొప్పి ఎందుకు, పంటను మార్కెట్లోనే అమ్ముకోనిచ్చి తేడా మాత్రం రైతు ఖాతాలో వేస్తే పోదా అన్నది మరో మాట. మధ్యప్రదేశ్ 2017లో భావాంతర్ పేరుతో ఇదే చేసింది. మన సంఖ్యల్లో ఇందుకయ్యే ఖర్చు పైన చూసిన 2,240 కోట్లే. రైతు 28 లక్షల టన్నులు పండిస్తాడు, మార్కెట్ ధర 1,600కి దిగుతుంది, తేడా 800 ప్రభుత్వం భరిస్తుంది. కొని నిల్వ పెట్టడానికి పెట్టే 1,920 కంటే ఎక్కువే కనబడుతుంది గానీ గోదాము లేదు, పురుగు లేదు, వడ్డీ లేదు, కోళ్ల రైతుకు మక్కలు చవక. నా మట్టుకు నాకు కాగితం మీద ఇదే మేలైన దారి. కాగితం దాటితే మధ్యప్రదేశ్‌లో జరిగింది వేరు. తేడా ఎలాగూ ప్రభుత్వం ఇస్తుందని తెలిసిన వ్యాపారులు ధర ఇంకా దించేశారని రైతులు మొరపెట్టుకున్నారు. కొనేవాళ్లు కొద్దిమందే ఉన్న మార్కెట్లో గీతలు చెప్పినట్టు ధర నడవదు.

మిగులును కరిగించే మూడో దారి డిమాండు గీతనే కుడివైపుకు జరపడం. ఇథనాల్ అలా జరిపింది. పెట్రోలులో కలిపే ఇథనాల్ కోసం మక్కల వాడకం పెరిగి, ఎన్నో ఏళ్లుగా ఎగుమతి చేసిన మన దేశం 2024లో మయన్మార్, ఉక్రెయిన్ల నుంచి మక్కలు తెప్పించుకుంది. మన ఉదాహరణలో కొనుగోలు గీతలోని 44ను 52 చేయండి. 2,400 దగ్గర కొనేది 28, పండేది 28. మిగులు సున్నా, ప్రభుత్వ ఖర్చూ సున్నా. మద్దతు ధర కాగితం మీద ఉంటుంది, దాని అవసరమే రాదు. కానీ ఆ డిమాండును ఎవరు నిలబెడుతున్నారో కూడా చూసుకోవాలి. ఎఫ్‌సీఐ గోదాముల్లో బియ్యం నిల్వలు అవసరానికి మించి పేరుకుపోవడంతో 2025 జనవరిలో ఇథనాల్ ఫ్యాక్టరీలకు బియ్యాన్ని క్వింటాలు 2,250కి ఇవ్వాలని కేంద్రం నిర్ణయించింది. ఆ బియ్యాన్ని సేకరించి నిల్వ చేయడానికి కేంద్రానికి అయ్యే ఖర్చు అంతకు చాలా ఎక్కువ. ఫ్యాక్టరీకి మక్క అయినా బియ్యమైనా ఒకటే, చవకైనది కొంటుంది. అలా వరి మద్దతు ధర మిగిల్చిన నిల్వ వచ్చి మక్కల డిమాండును తినేసింది. ఒక పంటకు వేసిన లెక్క పక్క పంట లెక్కను పాడు చేయడం అంటే ఇదే.

ఇంతవరకు ప్రభుత్వం మిగులంతా కొంటుందన్న ఊహ మీద నడిచాం. నిజానికి అలా కొనడం అరుదు. డబ్బు అయిపోయిందనో, లక్ష్యం పూర్తయిందనో కేంద్రాలు మధ్యలో మూసేస్తారు. నా దృష్టిలో అన్నింటికంటే ప్రమాదం ఇక్కడే ఉంది, దాన్ని కూడా ఈ రెండు గీతలే చూపిస్తాయి.

2,400 అన్న ప్రకటన నమ్మి రైతులు 28 లక్షల టన్నులు పండించారు. ప్రభుత్వం 3 లక్షల టన్నులు కొని, 720 కోట్లు ఖర్చు పెట్టి, చేతులు దులుపుకుంది. మిగతా 25 లక్షల టన్నులు మార్కెట్లో అమ్ముడుపోవాలి. 44 లోంచి ఎంత తీసేస్తే 25? పందొమ్మిది. ధర 1,900. అసలు మద్దతు ధరే లేకపోతే 2,000 వచ్చేదని గుర్తుందా? కేంద్రం దాకా వెళ్లగలిగిన రైతుకు 2,400 అందింది. వెళ్లలేనివాడికి, తేమ ఎక్కువుందని వెనక్కి పంపినవాడికి, అప్పు తీర్చాలని కల్లం దగ్గరే అమ్మేసుకున్నవాడికి, ప్రకటనే లేకుంటే వచ్చేదానికంటే క్వింటాలుకు వంద తక్కువ వచ్చింది. ప్రకటన వల్లే ఎక్కువ విత్తారు, ఎక్కువ విత్తడం వల్లే ధర పడింది. కనీసం పాత 2,000 అయినా నిలబడాలంటే ప్రభుత్వం 4 లక్షల టన్నులు కొనాలి. 2,400 నిలబడాలంటే 8 లక్షల టన్నులు. 3 కొని ఊరుకుంటే కొద్దిమందికి మేలు, ఎక్కువమందికి కీడు. ఇందుకన్నా అసలు ప్రకటించకపోవడం నయం.

ఇది జరుగుతోందో లేదో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. పంట వచ్చే నెలల్లో మీ మార్కెట్ యార్డులో పలికిన ధర చూడండి. కేంద్ర ప్రభుత్వపు అగ్‌మార్క్‌నెట్ వెబ్‌సైటులో యార్డుల వారీగా రోజువారీ ధరలు ఉంటాయి. సరుకు జోరుగా వచ్చే రోజుల్లో అది మద్దతు ధరకు యాభై వంద అటూ ఇటూగా ఉంటే కొనుగోలు సరిపడా జరుగుతోందన్నమాట, ఆ తేడా తేమకో రవాణాకో పోతుంది. మూడు నాలుగు వందలు కిందికి ఉంటే కొన్నది చాలలేదు, కేంద్రాల ముందు ఎన్ని ఫొటోలు దిగినా సరే.

2018 నుంచి మద్దతు ధర కనీసం సాగు ఖర్చుకు ఒకటిన్నర రెట్లు ఉండాలన్న సూత్రం నడుస్తోంది. ఖర్చు తెలిస్తే ధర వచ్చేస్తుంది. ఆ ధరకు కొనుగోలుదారులు ఎంత వదిలేస్తారో ఆ సూత్రం చెప్పదు. చట్టబద్ధ హామీ గురించి జరిగే వాదనల్లోనూ ఒక పక్షం మొత్తం పంటను మద్దతు ధరతో గుణించి లక్షల కోట్లంటుంది, మరో పక్షం ధరల తేడాతో గుణించి అందులో పిసరంత అంటుంది. రెండు గుణకారాల్లోనూ మిగులు అన్న మాటే లేదు. ఈసారి మీ నియోజకవర్గంలో ఎవరైనా మక్కలకో మరో పంటకో ఫలానా ధర ఇప్పిస్తామంటే, ధర సంగతి పక్కనపెట్టి, ఎన్ని లక్షల టన్నులు కొంటారో, దాన్ని ఎవరికి అమ్ముతారో విత్తనాలు వేయకముందే అడగండి.